జీతం సవరణ గురించి మాట్లాడడానికి ఒక ఇరవై నిమిషాలు కావాలి సార్

నమస్తే సార్,

డెలివరీల హడావిడిలో మీ టేబుల్ దగ్గర నిలబడి అడిగే విషయం కాదని మెసేజ్ పెడుతున్నాను. వీలు చూసుకొని చదవండి.

నా జీతం సవరించమని అడుగుతున్నాను సార్. 2023 సీజన్‌లో మన మిర్చి కోల్డ్ స్టోరేజీలో కాంటా దగ్గర చిట్టీలు రాసే పనికి తీసుకున్నప్పుడు 18 వేలు ఇచ్చారు. ఏటా వెయ్యి చొప్పున పెరిగి ఇప్పుడు 21 వేలు వస్తోంది. అయితే ఇప్పుడు నేను చేస్తున్నది ఆనాటి పని కాదు. నాలుగు ఛాంబర్ల స్టాకు, బాండ్లు, బ్యాంకు వాళ్ల తనిఖీలు, అడ్తిదారుల లెక్కలు అన్నీ నా చేతి మీదుగానే నడుస్తున్నాయి. అందుకే మామూలు ఇంక్రిమెంట్ కాకుండా, ఈ పనికి తగ్గ జీతం అడుగుతున్నాను.

ముందుగా లాట్ల సంగతి. ఇదివరకు రైతు బాండ్ పట్టుకొని వస్తే సరుకు ఏ ఛాంబర్‌లో ఉందో తెలిసేది, ఏ వరుసలో ఉందో తెలిసేది కాదు. హమాలీలు స్వెట్టర్లు వేసుకొని ఆ చలిలో బస్తాలు పక్కకు లాగుతూ మార్కా వెతికేవాళ్లు. బయట బండి కిరాయి పెరుగుతుంటే రైతు గేటు దగ్గర మొత్తుకునేవాడు. ఇప్పుడు బస్తా లోపలికి పోయేటప్పుడే ఛాంబర్, అంతస్తు, వరుస నంబర్లు చిట్టీ మీదా కంప్యూటర్‌లోనూ ఎక్కుతున్నాయి. పొద్దున ఎనుమాముల మార్కెట్‌కు పోవాల్సిన సరుకు ముందురోజు సాయంత్రమే బయటికి తీసి పెట్టగలుగుతున్నాం. ఈ సీజన్‌లో లాట్ తారుమారైందని ఒక్క పంచాయితీ కూడా మీ దాకా రాలేదు సార్.

చపాటా మిర్చికి 2025లో జీఐ ట్యాగ్ వచ్చాక దుగ్గొండి, నల్లబెల్లి రైతులు తమ సరుకు తేజ రకంతో కలవకూడదని గట్టిగా అడుగుతున్నారు. వాళ్ల కోసం రెండో ఛాంబర్ పై అంతస్తు విడిగా కేటాయిద్దామని నేను చెబితే మీరే ఒప్పుకున్నారు. నిరుడు వేరే కోల్డ్ స్టోరేజీలలో పెట్టినవాళ్లు కూడా కొందరు ఈసారి మన దగ్గరికి వచ్చారు. వాళ్ల పేర్లతో జాబితా తయారు చేశాను, చూపిస్తాను.

నిరుడు అక్టోబర్‌లో మొంథా తుఫాను వచ్చిన రాత్రి మీకు గుర్తుండే ఉంటుంది. వరంగల్, హన్మకొండలో కాలనీలకు కాలనీలే మునిగాయి. మన గేటు ముందు నీళ్లు పెరుగుతున్నాయని వాచ్‌మన్ ఫోన్ చేయగానే వచ్చి, దగ్గర్లో ఉండే హమాలీలను పిలిపించి కింది వరుసల బస్తాలు పైకి ఎక్కించాం. జనరేటర్ ఆగకుండా ఆపరేటర్ తెల్లారేదాకా అక్కడే ఉన్నాడు. ఆ రాత్రి కష్టం అందరిదీ. ఏ లాట్ ముందు కదలాలో అప్పటికప్పుడు చెప్పగలిగింది మాత్రం ఆ వరుస నంబర్ల వల్లే. ఒక్క బస్తా కూడా తడవలేదు.

కరెంటు బిల్లు విషయం క్లుప్తంగా చెబుతాను. పీక్ అవర్స్‌లో యూనిట్‌కు అదనంగా పడుతోంది కాబట్టి, అంతకుముందే ఛాంబర్లు చల్లబరిచి ఆ గంటల్లో కంప్రెసర్ల మీద భారం తగ్గించేలా ఆపరేటర్‌తో కలిసి టైమ్ టేబుల్ వేశాం. బిల్లులు పక్కపక్కన పెడితే తేడా మీకే తెలుస్తుంది.

నేను అడుగుతున్నది నెలకు 27 వేలు. ఒకేసారి కష్టమైతే వచ్చే నెల నుంచి 24, దసరా తర్వాత 27 చేసినా నాకు సమ్మతమే. దాంతోపాటు స్టాక్ సూపర్‌వైజర్ అని లెటర్ ఇప్పిస్తే బ్యాంకు వాళ్లతో, అడ్తిదారులతో మాట్లాడేటప్పుడు నా మాటకు బలం ఉంటుంది. నిర్ణయం సేటు గారిదని తెలుసు సార్. అయినా నా పని రోజూ దగ్గరుండి చూసేది మీరు. మీరు చెబితే ఆయన వింటారు. అందుకే నేరుగా ఆయన దగ్గరికి పోకుండా ముందు మీకే చెబుతున్నాను.

ఇక్కడే ఉండి ఈ పని ఇంకా బాగా చేయాలని నాకుంది. వచ్చే సీజన్‌కు బండ్లు రోడ్డు మీద బారులు తీరకుండా రైతులకు ముందే టోకెన్లు ఇచ్చే పద్ధతి ఒకటి అనుకున్నాను. దాని గురించి కూడా మీతో మాట్లాడాలి.

ఈ శనివారం మార్కెట్ బంద్ కాబట్టి డెలివరీలు తక్కువే ఉంటాయి. పదకొండు గంటలకు మీ క్యాబిన్‌కు రమ్మంటారా? ఇరవై నిమిషాలు చాలు. ఆ రోజు కుదరకపోతే సోమవారం సాయంత్రం కాంటా మూసిన తర్వాత ఎప్పుడైనా సరే. లాట్ రిజిస్టర్, రెండేళ్ల కరెంటు బిల్లులు, చపాటా రైతుల జాబితా ప్రింట్ తీసి పట్టుకొస్తాను. ఏ రోజు రావాలో ఒక్క మాట చెప్పండి సార్.