ప్యాడిల్ వీల్ ఏరేటర్లకు కొటేషన్ కోరుతూ

తేది: 12-01-2026
ఇందుకూరుపేట, నెల్లూరు జిల్లా

సప్లయర్లందరికీ నమస్కారం.

మా రొయ్యల రైతుల సంఘం వేసవి పంటకు ఏరేటర్లు కొంటోంది. ఇదే లేఖ నలుగురు సప్లయర్లకు పంపుతున్నాం.

కావలసినవి: 2 హెచ్‌పీ, నాలుగు చక్రాల ఏరేటర్లు 24, త్రీ కోర్ 2.5 చదరపు మి.మీ. రాగి కేబుల్ 1,200 మీటర్లు. విడి చక్రాలు 16.

మోటారు త్రీ ఫేజ్, 415 వోల్టులు, 50 హెర్ట్జ్, రాగి వైండింగ్, ఐపీ 55 ఉండాలి. షాఫ్ట్, బోల్టులు ఎస్‌ఎస్ 316వే కావాలి. మావి ఉప్పునీటి చెరువులు. నాసిరకం బోల్టు తుప్పు పట్టి తల తిప్పితే విరిగిపోతోంది. రాత్రి ఏరేటర్ ఆగితే ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి పంటే పోతుంది. అందుకే ఈ విషయంలో రాజీపడం. ఫ్లోట్లు ఎండకు పెళుసెక్కని హెచ్‌డీపీఈవి కావాలి.

ధర ఒక్కో వస్తువుకు విడిగా రాయండి. జీఎస్టీ, చెరువు గట్టు దాకా రవాణా, బిగింపు ఖర్చు వేర్వేరుగా చూపండి. కలిపి రాస్తే పోల్చలేం. మోటారు కంపెనీ, మోడల్, వారంటీ, రిపేరుకు ఎన్ని గంటల్లో మనిషి వస్తాడో తెలపండి. ధర 30 రోజులు మారకూడదు. సరుకు ఫిబ్రవరి 10 లోపు అందాలి. అడ్వాన్స్ 30 శాతం, మిగతాది బిగించి నడిపి చూపాక.

సీలు వేసిన కవర్లు జనవరి 23, శుక్రవారం సాయంత్రం 5 గంటల లోపు ఇందుకూరుపేటలోని సంఘం ఆఫీసుకు చేరాలి. ఆ తర్వాత వచ్చినవి తెరవం. మరునాడు ఉదయం 11 గంటలకు మీ అందరి ఎదుటే తెరుస్తాం. సందేహాలుంటే 19లోపు రాసి పంపండి, జవాబు నలుగురికీ ఇస్తాం.

ఇట్లు,
కార్యదర్శి,
రొయ్యల రైతుల సంఘం