5వ తరగతి బి సెక్షన్ తల్లిదండ్రులకు: తరగతి గది వీడియో వాడుకోవడానికి మీ రాతపూర్వక అనుమతి కోరుతూ

తేదీ: 24 నవంబర్ 2025

తల్లిదండ్రులకు, సంరక్షకులకు నమస్కారం.

ఈ నెల 11, 13, 18 తేదీల్లో మీ పిల్లల తరగతిలో జరిగిన మూడు సైన్సు పీరియడ్లను వీడియో తీశాం. పాఠం ఎలా సాగిందో టీచర్లు తర్వాత చూసుకోవడానికి మాత్రమేనని అప్పుడు డైరీలో రాసి పంపాం. ఇప్పుడు అందులోంచి కొన్ని షాట్లు తీసుకుని, బడిలో సైన్సు ఎలా నేర్పుతున్నామో చూపే ఆరు నిమిషాల వీడియో చేయాలనుకుంటున్నాం. వాడే పని మారింది కాబట్టి అనుమతి మళ్ళీ అడగాల్సిందే. బడిలో చేర్పించేటప్పుడు ‘ఫోటోలు, వీడియోలకు అభ్యంతరం లేదు’ అన్న వాక్యం కింద మీరు సంతకం పెట్టి ఉండవచ్చు. దాన్ని ఇందుకు లెక్కలోకి తీసుకోవడం లేదు. ఏ వీడియో, ఎక్కడ పెడతారు, ఎన్నాళ్ళుంచుతారు అన్నవేవీ అందులో లేవు.

మీ దగ్గర్నుంచి జవాబు రాకపోతే ‘వద్దు’ అన్నట్టే భావిస్తాం.

ఏం తీశాం, ఏం వాడతాం

పీరియడ్ నలభై నిమిషాలు, కెమెరాలు రెండు. అంటే మొత్తం నాలుగు గంటల వీడియో ఉంది. ఒక కెమెరా గది వెనక స్టాండు మీద ఉంది, అందులో ఎక్కువగా వీపులే పడ్డాయి. రెండోది బల్ల పక్క నుంచి పిల్లల వైపు తిప్పి పెట్టింది, మొహాలన్నీ దీంట్లోనే ఉన్నాయి. మైకు టీచరు చీరకు తగిలించాం, అయినా ముందు రెండు బెంచీల పిల్లల మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి.

వాడాలనుకుంటున్నది ముఖ్యంగా 13వ తేదీ పాఠం. నలుగురేసి పిల్లలు బ్యాటరీ, తీగలు, చిన్న బల్బుతో సర్క్యూట్ కట్టారు. ఒక గుంపుకు బల్బు వెలగలేదు. తీగలు ఒక్కొక్కటే ఊడదీసి చూసి, చివరకు తీగ కొసన ప్లాస్టిక్ తొడుగు ఒలవలేదని వాళ్ళే కనిపెట్టారు. వీడియోకు ప్రాణం ఆ నిమిషంన్నరే. దాన్ని కోల్పోవడం మాకు ఇష్టం లేదు, అలాగని ఆ నలుగురి ఇళ్ళలో ఏ ఒక్కరు వద్దన్నా ఆ షాట్ ఉండదు.

ఈ ఉత్తరంతో పాటు మీ పాప లేదా బాబు కనిపించే, వినిపించే షాట్ల పట్టిక ఉంది. ఏ నిమిషం, ఏ సెకను దగ్గర, మొహం కనిపిస్తుందా, గొంతు మాత్రమేనా అన్నది అందులో రాశాం. పట్టిక చదివి ఊహించుకోవడం కన్నా చూడటం మేలు. 27, 28, 29 తేదీల్లో సాయంత్రం 4 నుంచి 6 వరకు కంప్యూటర్ గదిలో ముసాయిదా వీడియో చూపిస్తాం. మీ పిల్లలను వెంట తీసుకురండి. ముసాయిదాను మాత్రం ఫోనుకు పంపము. అందులో ఇంకా అనుమతి రాని పిల్లలు కూడా ఉన్నారు.

పేర్లు ఎక్కడా వేయము, టీచరు పేరు పెట్టి పిలిచిన చోట ఆ మాట తీసేస్తాం. నోటుబుక్కుల అట్టల మీది లేబుళ్ళు, గోడకు అంటించిన పుట్టినరోజుల చార్టు, మెడలోని ఐడీ కార్డులు మొదటి ముసాయిదాలో చదవగలిగేంత స్పష్టంగా కనిపించాయి. వాటిని ఫ్రేమ్ కత్తిరించి గానీ, మసక చేసి గానీ తొలగిస్తున్నాం. మీరు చూసేటప్పుడు ఇలాంటిది ఏదైనా మిగిలిపోయినట్టు కనిపిస్తే చెప్పండి.

‘వద్దు’ అంటే ఏమవుతుంది

మొహం మసక చేస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. సరిపోదు. పిల్లలు కుదురుగా ఉండరు. తల తిప్పినప్పుడో, చేయి అడ్డొచ్చినప్పుడో మసక పక్కకు జారుతుంది. సెకనుకు 25 ఫ్రేముల్లో ఒక్కదాంట్లో మొహం బయటపడినా, అక్కడ ఆపి చూసేవాళ్ళకు అది చాలు. పైగా గొంతును బట్టి, పక్కన కూర్చున్న స్నేహితులను బట్టి తెలిసినవాళ్ళు ఇట్టే పోల్చేస్తారు. అందుకే మీరు వద్దంటే ఆ షాట్ మొత్తం తీసేస్తాం, లేదా మీ పిల్లలు ఫ్రేములోకి రాని భాగం వరకే కత్తిరించి వాడతాం. వద్దన్నందుకు మార్కుల్లో, గుంపుల్లో, బడి కార్యక్రమాల్లో తేడా ఏమీ ఉండదు. ఎవరు వద్దన్నారో తరగతిలో చెప్పము. కారణం రాయనక్కర్లేదు. కుటుంబ భద్రత రీత్యా పిల్లల ఆచూకీ బయటపడకూడని పరిస్థితి ఉన్నవారు ‘వద్దు’ అన్న గడిలో టిక్ పెడితే చాలు.

మీరు సరేనన్నా పిల్లలు ఇష్టపడకపోతే వాళ్ళ మాటే చెల్లుతుంది. పదేళ్ళ పిల్లలకు తమ మొహం ఎక్కడ కనిపించాలో చెప్పగల వయసు వచ్చింది.

ఎక్కడ పెడతాం, ఎన్నాళ్ళు

మూడు చోట్లకు విడివిడిగా అడుగుతున్నాం, ఎందుకంటే ఆ మూడూ ఒకటి కావు. 2026 జనవరి 10న తల్లిదండ్రుల సమావేశంలో తెర మీద వేయడం మొదటిది, అక్కడ చూసేది ఆ గదిలో ఉన్నవాళ్ళే. బడి వెబ్‌సైటును ఎవరైనా చూడొచ్చు. యూట్యూబ్ ఛానల్లో పెట్టినది ఇంకా దూరం పోతుంది. ఒకవేళ ‘లింకు ఉన్నవాళ్ళకే’ అని పెట్టినా లింకు చేతులు మారితే ఆపలేము. కామెంట్లు మూసేస్తాం. అయినా ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకుంటే, ఫోనుతో తెరను రికార్డు చేసుకుంటే ఆ కాపీలను మేం వెనక్కి తేలేము. ఇది ముందే తెలిసి సంతకం పెట్టండి. ప్రకటనలకు, బ్యానర్లకు, కరపత్రాలకు, విడి ఫోటోలకు వీటిని వాడము, బయటి సంస్థలకు ఇవ్వము.

అసలు నాలుగు గంటల వీడియో ఒకే హార్డ్‌డిస్క్‌లో, పాస్‌వర్డ్‌తో, ఆఫీసు బీరువాలో ఉంది. చూడగలిగేది క్లాస్ టీచర్, కంప్యూటర్ టీచర్ ఇద్దరే. 2026 జనవరి 31న దాన్ని చెరిపేస్తాం. పూర్తయిన వీడియోను వెబ్‌సైటు నుంచి, యూట్యూబ్ నుంచి 2028 జనవరి 10న తీసేస్తాం.

తర్వాత మనసు మారితే

ఎప్పుడైనా ఆఫీసులో చీటీ రాసి ఇవ్వండి. మూడు పనిదినాల్లో వీడియోను రెండు చోట్ల నుంచీ దించేస్తాం. యూట్యూబ్‌లో అదే లింకు కింద ఫైలు మార్చే వీలు లేదు. పాతది తొలగించి, మీ పిల్లలు లేని వీడియోను కొత్తగా ఎక్కిస్తాం. వెతికినప్పుడు పాత బొమ్మ కొన్నాళ్ళు కనిపించవచ్చు.

పత్రం ఎలా ఇవ్వాలి

మీ పిల్లల పేరు, రోల్ నంబరు పత్రం మీద ముందే అచ్చయి ఉన్నాయి. టిక్‌లు పెట్టి, సంతకం, తేదీ వేసి, ఇచ్చిన కవరులో అంటించి డిసెంబర్ 5, శుక్రవారం లోపు డైరీలో పెట్టి పంపండి. వాట్సాప్ గ్రూపులో బొటనవేలు బొమ్మ పెడితే చెల్లదు. అది మూడింటిలో దేనికి సరే అన్నదో తెలియదు, ఎవరు వద్దన్నారో కూడా అందరికీ తెలిసిపోతుంది. తల్లిదండ్రులు విడిగా ఉంటున్న చోట ఇద్దరి సంతకాలూ కావాలి. కోర్టు ఒకరికే నిర్ణయాధికారం ఇచ్చి ఉంటే వారి సంతకం చాలు. ఒకరు సరేనని, ఒకరు వద్దంటే ‘వద్దు’ కిందే లెక్క.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు, క్లాస్ టీచర్

అంగీకార పత్రం

పై ఉత్తరం, షాట్ల పట్టిక చదివాను. పత్రం మీద పేరున్న విద్యార్థికి నేను తల్లిని / తండ్రిని / చట్టబద్ధ సంరక్షకుణ్ణి (సంరక్షకురాలిని).

సమావేశంలో తెర మీద చూపడం: ☐ సరే ☐ వద్దు
బడి వెబ్‌సైటు: ☐ సరే ☐ వద్దు
యూట్యూబ్ ఛానల్: ☐ సరే ☐ వద్దు
గొంతు వినిపించడం: ☐ సరే ☐ వద్దు
పట్టికలోని షాట్లలో: ☐ అన్నీ సరే ☐ నేను కొట్టివేసినవి తప్ప మిగతావి సరే

☐ మా పాపను / బాబును అడిగాను, ఇష్టమేనని చెప్పారు.

ఈ అనుమతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని నాకు తెలుసు. ఏ వరుసలోనైనా టిక్ లేకపోతే దాన్ని ‘వద్దు’గా తీసుకోవాలి.