సింపతీ, ఎంపతీ: సింధు అడిగిన ప్రశ్న, మేడమ్ రాసిన జవాబు

మేడమ్, నమస్తే.

నేను సింధుని. మీ దగ్గర ఇంటర్ బైపీసీలో ఇంగ్లీషు చదువుకున్నాను. ఇప్పుడు బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరంలో ఉన్నాను. ఒక డౌట్ వారం రోజులుగా నన్ను వదలడం లేదు. మిమ్మల్ని అడిగితేనే తేలుతుందనిపించి రాస్తున్నాను.

మొన్న ఇంటర్నల్ పరీక్షలో సింపతీకి, ఎంపతీకి తేడా ఉదాహరణలతో రాయమని 5 మార్కుల ప్రశ్న వచ్చింది. సింపతీ అంటే ఎదుటివాళ్ల మీద జాలిపడటం, ఎంపతీ అంటే ఎదుటివాళ్ల స్థానంలో ఉండి ఆలోచించడం అని గైడులో ఉన్నట్టే రాశాను. 2 మార్కులు వచ్చాయి. పక్కన ఎర్ర ఇంకుతో 'రెండు ఉదాహరణలూ ఒకటే' అని రాశారు. చూసుకుంటే నిజమే మేడమ్. సింపతీకి 'స్నేహితురాలికి జ్వరం వస్తే బాధపడటం' అని, ఎంపతీకి 'స్నేహితురాలికి జ్వరం వస్తే చాలా బాధపడటం' అని రాశాను.

ఆ తర్వాత వార్డులో ఒకటి జరిగింది. షుగర్ వల్ల కాలికి పుండు పడి చేరిన పెద్దావిడ ఒకామె ఉంది. రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదు. ఎప్పుడు పంపిస్తారని కనబడ్డవాళ్లందరినీ అడుగుతోంది. డ్రెస్సింగ్ అయ్యాక నేను, "అయ్యో, నొప్పిగా ఉందా అమ్మా? తగ్గిపోతుందిలే, టెన్షన్ పడకు" అన్నాను. ఆవిడ తలూపి గోడవైపు తిరిగి పడుకుంది. సాయంత్రం డ్యూటీకి వచ్చిన సిస్టర్ స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుని, "ఇంటి దగ్గర ఎవరున్నారు పెద్దమ్మా?" అని అడిగారు. ఎవరూ లేరట. ఒక పాడిగేదె ఉంది. పక్కింటివాళ్లకి అప్పగించి వచ్చింది. అది కొత్త చెయ్యి పడితే చేపదట, పొదుగు గట్టిపడిపోతుందేమోనని ఆవిడ భయం. సిస్టర్ ఆవిడ ఫోన్‌లోనే పక్కింటికి కలిపించారు. పాలు పిండుతున్నామని వాళ్లు చెప్పారు. ఆ రాత్రి ఆవిడ పళ్లెంలో ఉప్మా మిగల్లేదు.

నేను చూపించింది సింపతీ, సిస్టర్ చూపించింది ఎంపతీ అనుకోవచ్చా? కానీ సిస్టర్ పుట్టి పెరిగింది హైదరాబాద్‌లో. గేదె దగ్గరికి కూడా ఎప్పుడూ వెళ్లలేదని ఆవిడే చెప్పారు. తను పడని బాధ తనకెలా తెలుస్తుంది? ఇంకొకటి. నా మొదటి పోస్టింగ్‌లో ఒక పేషెంట్ చనిపోతే ఆయన కూతురితో పాటు నేనూ ఏడ్చేశాను, ఆ రోజంతా పని చేయలేకపోయాను. అది ఎక్కువైపోయిన ఎంపతీనా? చివరిగా, తెలుగులో ఈ రెండిటికీ ఏ మాటలు వాడాలి? సానుభూతి, సహానుభూతి అని ఒకరు చెప్పారు. కానీ స్కూల్లో హిందీ సార్ సహానుభూతి అంటేనే సింపతీ అని చెప్పినట్టు గుర్తు.

మీ సింధు

*

సింధూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పరీక్షలో నీకు దొరకని ఉదాహరణ నీ వార్డులోనే దొరికింది. ఆ పెద్దావిడ దగ్గరే మొదలుపెడతాను.

నువ్వన్న మాటలో తప్పేమీ లేదు. నొప్పి ఉందని గమనించావు, బాధపడ్డావు, ఆ బాధ ఆవిడకి చెప్పావు. అది నిఖార్సైన సింపతీ. కాకపోతే నువ్వు బాధపడింది పుండు గురించి, ఆవిడ బాధపడుతోంది గేదె గురించి. నువ్వు నీ చోటునుంచి చూశావు. అక్కణ్ణుంచి కట్టు కట్టిన కాలే కనిపిస్తుంది. సిస్టర్ ఏం చేశారో చూడు. ముందు ఓదార్చలేదు, అడిగారు. ఆవిడ కళ్లకి ఇప్పుడు ఏం కనిపిస్తోందో కనుక్కున్నారు. ఆసుపత్రి మంచం మీద పడుకున్న మనిషి మనసు కొట్టం దగ్గరే ఉందని అప్పుడు తెలిసింది. అది ఎంపతీ. ఎదుటివాళ్ల బాధకి మనం బాధపడటం సింపతీ అయితే, ఆ బాధ వాళ్లకి లోపల ఎలా ఉందో పట్టుకోవడం ఎంపతీ. నీ జవాబులో 'చాలా' అనే మాట చేర్చావు చూడు, పొరపాటు అక్కడే జరిగింది. ఒకటి కొంచెం, ఇంకొకటి ఎక్కువ అని కాదు. ఎంత బాధపడ్డామన్నది కాక, ఎవరి వైపునుంచి చూశామన్నదే తేడా.

ఇక గేదె తెలియని సిస్టర్‌కి గేదె బాధ ఎలా తెలిసిందన్నావు. 'తనదాకా వస్తే గానీ తెలియదు' అని మనవాళ్లు ఊరికే అనలేదు, చాలామంది విషయంలో అది నిజం. కానీ తనదాకా రాకముందే తెలుసుకోవడానికి మనకున్న దారి ఎంపతీయే. దానికి అదే అనుభవం అక్కర్లేదు, వినే ఓపిక కావాలి. గేదె తెలియకపోయినా, మనల్నే నమ్ముకున్న ప్రాణిని వదిలి రావడం ఎలా ఉంటుందో సిస్టర్ ఊహించగలరు. నిజానికి అదే అనుభవం ఉండటం ఒక్కోసారి అడ్డమే అవుతుంది. "నాకు తెలుసు, మా అమ్మకీ ఇలాగే కాలికి పుండు పడింది" అని మొదలుపెట్టేవాళ్లని చూసే ఉంటావు. రెండు నిమిషాల్లో సంభాషణ వాళ్లమ్మ మీదికి వెళ్లిపోతుంది. మంచం మీది మనిషి వినేవాళ్లయిపోతారు.

మాటల పుట్టుక తెలిస్తే ఇది ఇంకా బాగా గుర్తుంటుంది. రెండిట్లోనూ ఉన్నది గ్రీకు మాట 'పాథోస్': అనుభూతి, బాధ. 'సిమ్' అంటే కలిసి, తోడుగా. 'ఎమ్' అంటే లోపల. సింపతీ ఇంగ్లీషులో కొన్ని శతాబ్దాలుగా ఉంది. ఎంపతీ మాత్రం చిన్నపిల్ల. జర్మన్‌లో 'ఐన్‌ఫ్యూలుంగ్' అనే మాట ఉండేది, ఒక బొమ్మనో శిల్పాన్నో చూస్తూ మన అనుభూతితో దాని లోపలికి వెళ్లడం అని. దానికి ఇంగ్లీషు మాట కావాల్సి వచ్చి ఎడ్వర్డ్ టిచెనర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1909లో ఎంపతీ అని వాడాడు. అంతకుముందు రెండు పనులూ సింపతీయే చేసేది. 1759లో ఆడమ్ స్మిత్ నైతిక భావాల మీద రాసిన పుస్తకంలో, ఎదుటి మనిషి స్థానంలో మనల్ని ఊహించుకోవడాన్ని సింపతీ అనే అన్నాడు. పాత ఇంగ్లీషు పుస్తకాలు చదివేటప్పుడు ఇది గుర్తుంచుకో. మీ ఫిజియాలజీలో వచ్చే సింపథెటిక్ నెర్వస్ సిస్టమ్‌కి కూడా ఆ పేరు జాలివల్ల రాలేదు. శరీరంలో అవయవాలు ఒకదానితో ఒకటి కలిసి స్పందిస్తాయన్న పాత భావన నుంచి వచ్చింది.

ఏడ్చిన సంగతికి వస్తాను. దానికి సిగ్గుపడకు. మొదటిసారి మరణం చూసిన పిల్ల ఏడవకపోతేనే నేను భయపడేదాన్ని. కానీ ఆ ఏడుపు ఎంపతీ మొత్తం కాదు. మనస్తత్వ శాస్త్రంలో ఎంపతీని రెండు రకాలుగా చెబుతారు. ఎదుటివాళ్ల భావం మనకి అంటుకోవడం ఒకటి, ఆ భావాన్ని అర్థం చేసుకోవడం ఇంకొకటి. నీకు ఆ రోజు మొదటిది వరదలా వచ్చింది, రెండోదానికి చోటు మిగల్లేదు. కార్ల్ రోజర్స్ అనే అమెరికన్ కౌన్సెలింగ్ నిపుణుడు 1957లో దీని గురించి ఒక మంచి మాట రాశాడు. ఎదుటి మనిషి లోకాన్ని నీదే అయినట్టు అనుభవించు, కానీ ఆ 'అయినట్టు' అన్నది మాత్రం పోనివ్వకు అని దాని సారం. ఆ అమ్మాయి పోగొట్టుకున్నది వాళ్ల నాన్నని. నువ్వు మీ నాన్నని పోగొట్టుకోలేదు. ఆ గీత ఉంది కాబట్టే ఆ సమయంలో ఆమెకి కుర్చీ వేసి, నీళ్లిచ్చి, ఎవరికి కబురు చేయాలో అడగగలిగేది నువ్వే.

ఇంకో విషయం గట్టిగా చెప్పాలి. ఈ మధ్య ఎంపతీ గొప్పది, సింపతీ చవకది అని చాలామంది రాస్తున్నారు. నేను ఒప్పుకోను. మా నాన్నగారు పోయినప్పుడు వీధి చివర కిరాణా కొట్టాయన వచ్చి అరుగు మీద అరగంట కూర్చుని, "పెద్దాయన మంచి మనిషమ్మా" అని ఒక్క మాట చెప్పి వెళ్లిపోయాడు. నా లోపల ఏముందో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. అది పరామర్శ, అచ్చమైన సింపతీ. ఆ రోజు నాకు అది చాలింది. ఎక్కడో వరద వచ్చిందని టీవీలో చూసి బియ్యం పంపేవాళ్లు ఒక్కొక్కరి మనసులోకీ తొంగిచూడక్కర్లేదు.

ఎదుటివాళ్ల మనసు తెలిసినంత మాత్రాన మంచితనం కూడా ఉంటుందనుకోకు. పోలీసులమని ఫోన్ చేసి "మీ అబ్బాయి కేసులో ఇరుక్కున్నాడు, వెంటనే డబ్బు పంపండి" అనే మోసగాడికి ఆ తల్లి గుండె ఎలా కొట్టుకుంటుందో బాగా తెలుసు. తెలుసు కాబట్టే ఆ మాటలు అంటాడు. వాడికి తల్లి మనసు అర్థమైంది, లేనిది జాలి. అందుకే నీ సిస్టర్ దగ్గర రెండూ ఉన్నాయంటాను: గేదె సంగతి తెలుసుకోవడం ఒకటి, తెలిశాక ఫోన్ కలిపించాలనిపించడం ఇంకొకటి.

తెలుగు మాటల విషయంలో నీ తికమక న్యాయమైనదే. సింపతీకి సానుభూతి స్థిరపడిపోయింది: సానుభూతి ఓట్లు, ఫలానా పార్టీ సానుభూతిపరులు అని రోజూ పేపర్లో చదువుతున్నాం. రెండోచోట అది జాలి కూడా కాదు, మద్దతు. ఎంపతీకి ఈ మధ్య తెలుగులో సహానుభూతి అని రాస్తున్నారు. హిందీలో మాత్రం సహానుభూతి అంటే సింపతీయే, ఎంపతీకి వాళ్లు సమానుభూతి అంటారు. మీ హిందీ సార్ తప్పు చెప్పలేదు. నన్నడిగితే పరీక్షలో ఎంపతీ అనే రాసి, పక్కనే 'ఎదుటివాళ్ల మనసుతో చూడటం' అని విడమరిచి రాయి. మాటల్లో అయితే మనవాళ్లు ఎప్పుడో తేడా పట్టుకున్నారు. "అయ్యో పాపం" ఒకటి, "నీకెలా ఉందో చెప్పు" ఇంకొకటి.

ఇంగ్లీషు వాడుక కూడా ఒక్క ముక్క. సింపథైజ్, ఎంపథైజ్ రెండిటి తర్వాతా 'విత్' వస్తుంది. ఎంపథెటిక్, ఎంపథిక్ రెండూ సరైనవే.

ఇప్పుడు నీ జ్వరం ఉదాహరణనే బాగుచేద్దాం. హాస్టల్లో నీ రూమ్మేట్‌కి జ్వరం వచ్చింది. "పాపం, ఒళ్లు కాలిపోతోందే, పడుకో, క్లాసులో నేను చెబుతాలే" అని దుప్పటి కప్పావు. అది సింపతీ. దుప్పటి కప్పాక కూడా ఆ పిల్ల ఫోన్ చేతిలోంచి వదలడం లేదు. ఏమైందే అని అడిగావు. అమ్మకి తెలిస్తే రాత్రికి రాత్రి బస్సెక్కి వచ్చేస్తుందని, కూలికి పోకపోతే ఆ రోజు డబ్బులు పోతాయని, అందుకే గొంతు మామూలుగా ఉన్నప్పుడు ఫోన్ చేయాలని చూస్తోందని తెలిసింది. "సరే, వేడినీళ్లు తాగి పది నిమిషాలాగి చెయ్యి, నేను పక్కనే ఉంటా" అన్నావు. అది ఎంపతీ. ఈసారి ఇలా రాస్తే 5కి 5 వేయకుండా ఎవరూ ఆపలేరు.

ఆ పెద్దావిడ కాలు ఎలా ఉంది? ఇంటికి పంపించేశారా? గేదె చేపుతోందో లేదో కనుక్కుని రాయి.

మీ మేడమ్