డేటా అనలిస్ట్ పోస్టు: 17వ నంబరు రెజ్యూమే మీద నా అభిప్రాయం

మేడం,

స్క్రీనింగ్‌లో పక్కన పెట్టిన రెజ్యూమేల్లోంచి 17వ నంబరుది నేను మళ్లీ తీసి చదివాను. స్నోఫ్లేక్ అనే మాట ఎక్కడా లేదని దాన్ని పక్కన పెట్టారు. ఈ అమ్మాయిని టెక్నికల్ రౌండుకి పిలవాలని నా సిఫార్సు. ఎందుకో, ఎక్కడ అనుమానం ఉందో కింద రాస్తున్నాను.

మన జేడీలో తప్పనిసరి అని రాసుకున్నవి మూడే: పెద్ద టేబుళ్ల మీద ఎస్‌క్యూఎల్ సొంతంగా రాయగలగడం, రోజూ వాడే డ్యాష్‌బోర్డు కట్టి నిలబెట్టగలగడం, ఆపరేషన్స్ వాళ్లు అడిగిన ప్రశ్న వెనక అసలు సమస్య ఏమిటో పట్టుకోవడం. స్నోఫ్లేక్, పైథాన్ "ఉంటే మంచిది" కిందే ఉన్నాయి. ఆమె మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ మీద 2 సంవత్సరాల 8 నెలలు పనిచేశారు. జాయిన్లు, విండో ఫంక్షన్లు బాగా వచ్చిన మనిషికి స్నోఫ్లేక్‌లో తేడాలు అలవాటు కావడానికి ఎక్కువ కాలం పట్టదు. ఆ ఒక్క మాట కోసం రెజ్యూమే పక్కన పెట్టడం న్యాయం కాదు.

ఎస్‌క్యూఎల్

స్కిల్స్ వరుసలో రాసుకున్నవాటికి నేను మార్కులు వేయలేదు. అవి అందరి రెజ్యూమేల్లోనూ ఉంటాయి. నన్ను ఆపింది రెండో పేజీలో, ఏసీలు, వాటర్ ప్యూరిఫయర్లు రిపేరు చేసే సర్వీసు కంపెనీలో చేసిన పని కింద ఉన్న ఒక్క లైను: డూప్లికేట్లు తీసేశాక రిపీట్ కంప్లైంట్ల రేటు 18 శాతం కాదు, 11 శాతం అని తేల్చి, పాత రిపోర్టులు సరిచేశానని రాశారు. రేటు తగ్గించానని రాసుకోలేదు, లెక్కే తప్పుగా ఉండేదని రాశారు. రెజ్యూమేలో ఇంత నిజాయితీగా రాసేవాళ్లు తక్కువ.

అది ఎలా జరిగిందో ఆమె ఇచ్చిన గిట్‌హబ్ లింకులో, నకిలీ డేటా మీద చేసిన నమూనాలో కనిపిస్తుంది. టికెట్ స్టేటస్ మారినప్పుడల్లా కొత్త రో పడుతుంది. పాత రిపోర్టు ఆ రోలన్నిటినీ వేరువేరు కంప్లైంట్లుగా లెక్కపెట్టింది. ఆమె రాసింది ఇది:

```sql
SELECT * FROM (
  SELECT s.*, ROW_NUMBER() OVER (
    PARTITION BY ticket_id
    ORDER BY updated_at DESC) AS rn
  FROM ticket_status s
) x
WHERE rn = 1;
```

ఒక్కో రో దేన్ని సూచిస్తుందో ముందు చూసుకునే అలవాటు ఇందులో తెలుస్తోంది. మనకు కావాల్సింది అదే. మన ఆర్డర్ల టేబుల్‌ని ఐటమ్స్ టేబుల్‌తో కలిపితే, ఐదు ఐటమ్స్ ఉన్న ఆర్డరుకి డెలివరీ చార్జీ ఐదుసార్లు పడుతుంది. పోయినసారి మన టీములోనే ఆ తప్పు నెలాఖరు రిపోర్టు దాకా వెళ్లింది. ఒక లోటు కూడా ఉంది. రెండు రోలకి `updated_at` ఒకటే అయితే ఏది మిగులుతుందో చెప్పలేం. ఇది అడిగితే తడుముకోకుండా చెబుతారో లేదో చూడాలి.

అదే లింకులో ఒక అసలైన తప్పు కూడా దొరికింది. దాచకుండా మీకు చెప్పాలి.

```sql
FROM tickets t
LEFT JOIN visits v ON v.ticket_id = t.ticket_id
WHERE v.visit_date >= '2024-01-01'
```

టెక్నీషియన్ అసలు వెళ్లని టికెట్లకి `visit_date` ఖాళీగా ఉంటుంది. WHERE లో ఆ షరతు పెట్టగానే ఆ టికెట్లన్నీ రాలిపోతాయి. LEFT JOIN రాసినా INNER JOIN రాసినట్టే అయింది. ఎవరూ రాలేదని ఎదురుచూస్తున్న కస్టమర్లే లెక్కలోంచి తప్పిపోయారు. షరతుని ON లోకి మార్చి ఉండాల్సింది. చాలామంది చేసే తప్పే, అయినా మన పనిలో ఖరీదైనది. అందుకే ఎస్‌క్యూఎల్‌కి 4కి 3 ఇచ్చాను.

డ్యాష్‌బోర్డు

పవర్ బీఐలో 12 డ్యాష్‌బోర్డులు చేశానన్నారు. ఆ సంఖ్యని నేను పట్టించుకోలేదు, వాటిలో ఎన్నిటిని ఇప్పటికీ తెరుస్తున్నారో రాయలేదు కాబట్టి. ఒకదాని గురించి మాత్రం వివరం ఉంది: నలుగురు బ్రాంచి మేనేజర్లు ఉదయం 10 గంటల మీటింగులో చూసే పెండింగ్ టికెట్ల పేజీ. ఎవరి బ్రాంచి వాళ్లకే కనిపించేలా రో లెవెల్ సెక్యూరిటీ పెట్టారు. ఎవరు, ఎప్పుడు, దేనికి చూస్తారో చెప్పారు కాబట్టి దీన్ని గట్టి ఆధారంగానే తీసుకుంటున్నాను.

రిపోర్టింగ్ సమయం 3 గంటల నుంచి 20 నిమిషాలకి తగ్గిందన్న మాట నమ్మదగ్గదే. చేత్తో ఎక్సెల్ షీట్లు కలిపే పని ఆగిపోతే అంత తేడా వస్తుంది. కానీ రిఫ్రెష్ ఫెయిలైన రోజు ఏం చేశారు, పెండింగ్ అంటే ఏమిటో నలుగురు మేనేజర్లనీ ఎలా ఒప్పించారు అనేవి రెజ్యూమేలో లేవు. స్క్రీన్‌షాటులో ఒకే పేజీలో 14 విజువల్స్ ఉన్నాయి, తొమ్మిది ముక్కల పై చార్టుతో సహా. మీటింగులో నిలబడి చూసేవాళ్ల కళ్లకి అది భారం. 4కి 2.

బిజినెస్ సమస్యని పట్టుకోవడం

పైపైన చదివితే ఇక్కడే ఆమె వెనకబడినట్టు అనిపిస్తుంది. సమ్మరీలో "డేటాతో నిర్ణయాలకి తోడ్పడతాను" లాంటి మాటలే ఉన్నాయి. కానీ చివరి బుల్లెట్ చూడండి: మేనేజర్ టెక్నీషియన్ల వారీగా ముగించిన టికెట్ల సంఖ్య అడిగారట. ఏసీ రిపేరుకి పట్టే టైము వేరు, ప్యూరిఫయర్ ఫిల్టరు మార్చడానికి పట్టే టైము వేరు కాబట్టి ఆ పోలిక సరికాదని చెప్పి, మొదటి విజిట్‌లోనే ఎన్ని సమస్యలు తీరాయో ప్రొడక్టు వారీగా ఇచ్చారట. అడిగిన నంబరు ఇచ్చి ఊరుకుంటే ఏసీ టెక్నీషియన్లకి అన్యాయం జరిగేది. మన డెలివరీ బాయ్స్‌ని ఏరియా చూడకుండా ఆర్డర్ల సంఖ్యతో పోల్చకూడదని నేను ఎప్పటి నుంచో చెబుతున్నదీ ఇదే. ఈ ఒక్క లైనుకి నేను 3 ఇస్తున్నాను.

నాలుగో మార్కు ఆపింది "కస్టమర్ సంతృప్తి 25 శాతం పెరిగింది" అన్న వాక్యం. దేని నుంచి దేనికి, ఏ కాలంలో, 25 శాతమా లేక 25 పాయింట్లా, ఏదీ లేదు. ఏసీ సీజను అయిపోతే కంప్లైంట్లు వాటంతటవే తగ్గవచ్చు.

2021లో ఉన్న 9 నెలల గ్యాపుని, కాలేజీ పేరుని నేను లెక్కలోకి తీసుకోలేదు. అవి జేడీలో లేవు. పైథాన్ లేకపోవడం ఈ పోస్టుకి అడ్డు కాదు.

మొత్తం 12కి 8. టెక్నికల్ రౌండులో పైన చూపించిన LEFT JOIN ముక్కని ఆమె ముందే పెట్టి, విజిట్ జరగని టికెట్లు ఎన్ని వస్తాయో అడుగుదాం. తప్పు తనే కనిపెడితే నా అనుమానం చాలావరకు తీరుతుంది. ఆ తర్వాత "రిపీట్ ఆర్డర్లు తగ్గాయి, ఎందుకో చూడు" అని మాత్రమే చెప్పి, ఆమె మొదట ఏ ప్రశ్నలు అడుగుతారో విందాం. 25 శాతం సంగతి కూడా నేరుగానే అడుగుదాం. జవాబు లేకపోతే ఆ మార్కుల్లో ఒకటి తగ్గిస్తాను.

నోటీసు పీరియడ్ 60 రోజులని రాశారు. గురువారం మధ్యాహ్నం 3 గంటలకి నాకు ఖాళీ ఉంది. మీరు సరేనంటే ఈరోజే హెచ్‌ఆర్ వాళ్లతో ఫోన్ చేయిస్తాను.