చరణ్‌కి: సప్లిమెంటరీకి ఇరవై తొమ్మిది రోజుల ప్రణాళిక

13 ఏప్రిల్ 2025, ఆదివారం
విశాఖపట్నం

చరణ్,

నిన్న ఇంటర్ ఫలితాలు వచ్చాక మీ అమ్మగారు పంపిన మార్కుల మెమో చూశాను. మ్యాథ్స్ 2బి లో 75కి 19, ఫిజిక్స్‌లో 60కి 15. మిగతావన్నీ పాస్. అంటే 2బి లో 7 మార్కులు, ఫిజిక్స్‌లో 6 మార్కులు తక్కువ పడ్డాయి. మొత్తం 13 మార్కుల సమస్య ఇది. దీన్ని అంతకంటే పెద్దది చేసుకోకు.

ముందు ఇంజనీరింగ్ సీటు సంగతి తేల్చేద్దాం. రాత్రంతా నిద్ర పట్టనివ్వనిది అదేనని మీ అమ్మగారు చెప్పారు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కి గ్రూప్ సబ్జెక్టులన్నీ కలిపి 45 శాతం కావాలి, రిజర్వుడ్ కేటగిరీలకు 40. ఎంపీసీ గ్రూప్ మొత్తం 600, అందులో 45 శాతమంటే 270. నువ్వు ఇప్పటికే పాసైన పేపర్లవి, ప్రాక్టికల్స్‌వి కూడితే 247 ఉన్నాయి: 1ఏ 41, 1బి 38, 2ఏ 29, ఫస్టియర్ ఫిజిక్స్ 27, ఫస్టియర్ కెమిస్ట్రీ 31, సెకండియర్ కెమిస్ట్రీ 26, రెండు ప్రాక్టికల్స్ 55. ఈ రెండు పేపర్లలో పాస్ మార్కులే, అంటే 26, 21 తెచ్చుకున్నా 294 అవుతుంది. గీత దాటేస్తావు. ఏడాది పోలేదు.

పరీక్షలు మే 12 నుంచి 20 వరకు. సెకండియర్‌ వాళ్లకి మధ్యాహ్నం 2.30 నుంచి 5.30. ఫీజు ఈ నెల 15 నుంచి 22 లోపు కాలేజీలో కట్టాలి. రేపు అంబేడ్కర్ జయంతి సెలవు కాబట్టి మంగళవారం పొద్దున్నే రా. 22 దాకా ఆగొద్దు, చివరి రోజు సర్వర్ మొరాయిస్తే ఎవరినీ అనలేం.

రీవెరిఫికేషన్ పెట్టాలా అని అడిగావు. పెట్టుకో, తప్పు లేదు. జవాబు పత్రం స్కాన్ కాపీ చేతికొస్తుంది, ఎక్కడ మార్కులు పోయాయో కళ్లారా చూసుకోవచ్చు. కానీ 7 మార్కులు పెరుగుతాయని ఆశపడి సప్లిమెంటరీ ఫీజు కట్టడం మానకు. ఆ ఫలితం కోసం చదువు ఆపడం ఇంకా పెద్ద తప్పు.

ముందు మూడు రోజులు

ఇవాళ పుస్తకం ముట్టుకోవద్దు. తిను, పడుకో, సాయంత్రం బయటికి వెళ్లిరా. రేపు మార్చి ప్రశ్నపత్రం రెండు సబ్జెక్టులదీ ముందు పెట్టుకో. జవాబులు రాయక్కర్లేదు. ప్రతి ప్రశ్న పక్కన ఒక అక్షరం వెయ్యి: అసలు తెలియకపోతే "తె", తెలిసీ తప్పు చేస్తే "త", టైం చాలక వదిలేస్తే "టై". ఈ మూడింటికీ మందులు వేరు. "తె" కి చదవాలి, "త" కి అదే లెక్క మూడుసార్లు చెయ్యాలి, "టై" కి గడియారం పెట్టుకుని రాయాలి. అందరూ అన్నిటికీ ఒకటే మందు వాడతారు: పుస్తకం మొదటి పేజీ నుంచి మళ్లీ చదవడం. చాలామంది రెండోసారి కూడా పోయేది అక్కడే.

నువ్వు చెప్పినదాన్నిబట్టి చూస్తే నీకు "టై" ఎక్కువ. 2బి లో ముందు సెక్షన్-సి తీసుకుని, ఇంటిగ్రల్స్ మూడు మొదలుపెట్టి ఒక్కటీ పూర్తి చెయ్యలేదు. ఫిజిక్స్‌లో రెండు మార్కుల ప్రశ్నలు పదింటిలో నాలుగే రాశావు. సులువుగా వచ్చే మార్కులు కాగితం మీదకి రాకముందే గంట కొట్టేశారు.

2బి: ఎక్కడ తవ్వాలి

పేపర్‌లో సెక్షన్-ఏ పది ప్రశ్నలు, రెండేసి మార్కులు, అన్నీ రాయాలి. బి లో ఏడింటిలో ఐదు, నాలుగేసి. సి లో ఏడింటిలో ఐదు, ఏడేసి. ఛాయిస్‌తో కలిపి పేపర్‌లో ఉండేవి 97 మార్కుల ప్రశ్నలు. చాప్టర్లవారీగా ఇవి మామూలుగా ఇలా పడతాయి: సర్కిల్ 22, సిస్టమ్ ఆఫ్ సర్కిల్స్ 6, పారాబొలా 9, ఎలిప్స్ 8, హైపర్‌బొలా 6, ఇండెఫినిట్ ఇంటిగ్రల్స్ 18, డెఫినిట్ 15, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ 13. ఒక్కో ఏడాది ఒక ప్రశ్న అటూ ఇటూ కావచ్చు, తీరు మాత్రం ఇదే.

సర్కిల్, సిస్టమ్ ఆఫ్ సర్కిల్స్, డెఫినిట్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ తీసుకో. ఈ నాలుగింటిలోనే ఆరు రెండు మార్కులవి, నాలుగు నాలుగు మార్కులవి, నాలుగు ఏడు మార్కులవి వస్తాయి: 12, 16, 28, మొత్తం 56. అందులో సగం సరిగ్గా రాసినా 28. పాస్ 26. కాబట్టి ఈ నాలుగూ నీ ప్రాణం. నువ్వు మార్చిలో పట్టుకుని వేలాడిన ఇండెఫినిట్‌ని ఈసారి చివరికి నెట్టేద్దాం. అందులో ఒక్కో లెక్క ఒక్కో దారిలో పోతుంది, నెల రోజుల్లో చేయి తిరగదు. రెండు మార్కులవి మాత్రం నేర్చుకో.

సర్కిల్‌లో ఏడు మార్కుల లెక్క ఎలా రాయాలో ఒకటి చూపిస్తాను. (1,1), (-6,0), (-2,2), (-2,-8) ఒకే వృత్తం మీద ఉన్నాయని చూపమంటాడు.

ముందు x² + y² + 2gx + 2fy + c = 0 రాయి. మొదటి మూడు బిందువులూ వరుసగా వేస్తే:

2 + 2g + 2f + c = 0
36 - 12g + c = 0
8 - 4g + 4f + c = 0

మూడోదాంట్లోంచి మొదటిది తీసేస్తే f = 3g - 3. రెండోదాన్నిబట్టి c = 12g - 36. ఈ రెండూ మొదటిదాంట్లో వేస్తే 20g = 40, అంటే g = 2, f = 3, c = -12. వృత్తం x² + y² + 4x + 6y - 12 = 0. ఇప్పుడు (-2,-8) వేసి చూడు: 4 + 64 - 8 - 48 - 12 = 0. "కాబట్టి నాలుగు బిందువులూ ఒకే వృత్తం మీద ఉన్నాయి" అని ఒక వాక్యం రాసి ముగించు.

పిల్లలు ఇందులో జారే చోట్లు మూడు. x = -6 వేసినప్పుడు -12g బదులు -6g రాయడం. g, f విలువలు వచ్చాక వాటిని రెండు రెట్లు చెయ్యకుండా ఈక్వేషన్‌లో పెట్టేయడం. నాలుగో బిందువు వేసి సున్నా వచ్చాక ఆ చివరి వాక్యం రాయకపోవడం. లెక్క మధ్యలో ఆగిపోయినా రాసిన స్టెప్పులకి మార్కులుంటాయి. అందుకే ఎక్కడాగినా కొట్టెయ్యకు, అలాగే వదిలి ముందుకెళ్లు.

డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌లో ముందు రకం గుర్తుపట్టడం నేర్చుకో: వేరియబుల్స్ సెపరబులా, హోమోజీనియసా, లీనియరా. రోజూ పది ఈక్వేషన్లు తీసుకుని సాధించకుండా రకం పేరు మాత్రం రాయి, పది నిమిషాల పని. చివర్లో + c మర్చిపోయావంటే మార్కు పోయినట్టే.

ఫిజిక్స్

సెక్షన్-సి లో మూడింటిలో రెండు రాయాలి, ఎనిమిదేసి మార్కులు. అవి వేవ్స్, కరెంట్ ఎలక్ట్రిసిటీ, న్యూక్లియై నుంచి వస్తాయి. ఒక్కో చాప్టర్‌లో రెండేసి వ్యాసాలు చాలు: ఓపెన్, క్లోజ్డ్ పైపుల్లో హార్మోనిక్స్, కిర్కాఫ్ నియమాలతో వీట్‌స్టోన్ బ్రిడ్జి, న్యూక్లియర్ రియాక్టర్ లాంటివి. బొమ్మ ముందు, భాగాల పేర్లు తర్వాత, వివరణ ఆ తర్వాత. వీట్‌స్టోన్ బ్రిడ్జి బొమ్మలో కరెంటు బాణాలు లేకుండా ఈక్వేషన్లు రాస్తే దిద్దేవాళ్లకి ఏది ఎటు పోతోందో అర్థం కాదు.

రెండు మార్కులవి రోజుకి ఎనిమిది చొప్పున, చదివాక పుస్తకం మూసి రాయాలి. చూసినంతసేపూ అన్నీ వచ్చినట్టే ఉంటుంది, పెన్ను పట్టుకుంటేనే అసలు సంగతి తెలుస్తుంది. నాలుగు మార్కులవాటిలో రెక్టిఫయర్, కెపాసిటర్ల సిరీస్, పారలల్, ఫొటో ఎలక్ట్రిక్ ఈక్వేషన్, కూలూమ్ నియమం ముందు పట్టుకో. లెక్కేసుకో: సెక్షన్-ఏ లో 12, బి లో 10, సి లో 8 తెచ్చుకుంటే 30.

రోజు ఎలా గడవాలి

ఈ ఎండల్లో, ఈ ఉక్కపోతలో రోజుకి పన్నెండు గంటలని రాసుకుంటే మూడో రోజుకే కాగితం చింపేస్తావు. ఆరు గంటలు చాలు. పొద్దున్న 5.30 నుంచి 8.30 వరకు 2బి. సాయంత్రం 4.30 నుంచి 6 వరకు ఫిజిక్స్ వ్యాసాలు, నాలుగు మార్కులవి. రాత్రి 8 నుంచి 9.30 వరకు రెండు మార్కులవి, ఆరోజు తప్పుచేసిన లెక్కలు. పదిన్నరకి ఫోన్ అమ్మ చేతికిచ్చి పడుకో. ఇంట్లో సందడిగా ఉంటే ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చో.

16 నుంచి 22: సర్కిల్, సిస్టమ్ ఆఫ్ సర్కిల్స్, పక్కన కరెంట్ ఎలక్ట్రిసిటీ.
23 నుంచి 29: డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, డెఫినిట్, పక్కన వేవ్స్.
30: సెలవు. ఆరోజు సింహాచలం చందనోత్సవం. మీ గోపాలపట్నం వైపు రోడ్ల మీద, ఇంట్లో చుట్టాలతో చదువు ఎలాగూ సాగదు. ముందే సెలవని రాసుకుంటే మనసులో గుచ్చుకోదు.
మే 1 నుంచి 6: పారాబొలా, ఎలిప్స్, ఇండెఫినిట్‌లో రెండు మార్కులవి, పక్కన న్యూక్లియై.
మే 7 నుంచి 11: పాత పేపర్లు, రెండు సబ్జెక్టులవీ మార్చి మార్చి, సరిగ్గా మధ్యాహ్నం 2.30 నుంచి 5.30 వరకు. ఆ వేళకి కునుకు పట్టే అలవాటుంటే ఇప్పుడే పోవాలి. ఈ ఐదు రోజులూ సాయంత్రం చదువు లేదు, రాసినదాంట్లో తప్పులు చూసుకుంటే చాలు.

ఒకరోజు తప్పిపోతే మర్నాడు పన్నెండు గంటలు కూర్చుని పూడ్చాలని చూడకు. ఆ రోజుది వదిలేసి, తారీఖు ప్రకారం ముందుకి పో. హైపర్‌బొలాని నేను కావాలనే పెట్టలేదు, టైం మిగిలితే చూద్దాం. ఈఏపీసెట్ పుస్తకాలు ఫిజిక్స్ పేపర్ రాసొచ్చేదాకా అటక మీదే ఉండనీ. ఇంజనీరింగ్ వాళ్లకి మే 21 నుంచి మొదలవుతుంది, అప్పుడు మిగిలిన రోజులకి వేరే కాగితం రాసిస్తాను.

పరీక్ష హాల్లో వరుస మారదు: 2బి లో సెక్షన్-ఏ కి 35 నిమిషాలు, తర్వాత సి లో సర్కిల్‌వి రెండు, డిఫరెన్షియల్ ఒకటి, డెఫినిట్ ఒకటి, ఆ తర్వాత బి. ఒక లెక్క పన్నెండు నిమిషాల్లో తెగకపోతే అర పేజీ ఖాళీ వదిలి తర్వాతి లెక్కకి వెళ్లిపో.

ఈ కాగితం అమ్మగారికి కూడా చూపించు. అమ్మగారూ, ఈ నెల రోజులూ "ఎన్ని గంటలు చదివావు" అని కాకుండా "ఇవాళ ఏ లెక్క తప్పయింది" అని అడగండి. బంధువులు ఫోన్ చేస్తే మీరే మాట్లాడేయండి, వాడికి ఇవ్వకండి. వాడు తిండి మానేసినా, గదిలోంచి బయటికి రాకపోయినా, బతకడం మీద విరక్తిగా మాట్లాడినా చదువు పక్కన పెట్టి వాడి దగ్గరే ఉండండి, నాకు ఏ వేళయినా ఫోన్ చెయ్యండి. టెలి మానస్ 14416 కి రాత్రైనా పగలైనా చెయ్యొచ్చు, డబ్బులేమీ ఉండవు.

మంగళవారం వచ్చేటప్పుడు మెమో జెరాక్స్, మార్చి హాల్‌టికెట్, అక్షరాలు వేసిన రెండు ప్రశ్నపత్రాలు, ఒక 200 పేజీల రూళ్ల పుస్తకం పట్టుకురా. ఆఫీసులో ఫీజు కట్టాక పై అంతస్తులో స్టాఫ్‌రూమ్‌కి వచ్చెయ్. మొదటి సర్కిల్ లెక్క అక్కడే కూర్చుని చేద్దువుగాని.

నీ మ్యాథ్స్ సార్