రమాదేవి గారి తర్వాత మీ ఖాతా చూడబోయే నాగేంద్ర గురించి

గుంటూరు
3 నవంబర్ 2025

గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేటల్లోని మా క్లయింట్లందరికీ నమస్కారం.

మీ జీఎస్టీ, టీడీఎస్ పనులు ఇన్నాళ్లూ చూసిన మా అకౌంట్ మేనేజర్ రమాదేవి గారు ఈ నెల 29న, శనివారం, మన ఆఫీసు నుంచి సెలవు తీసుకుంటున్నారు. వారి భర్తకు విశాఖపట్నం బదిలీ అయింది, కుటుంబంతో అక్కడికి వెళ్తున్నారు. వేరే కారణం ఏమీ లేదు. ఇంకెవరి నుంచో వినేలోపు ఈ మాట నేనే మీకు చెప్పాలనుకున్నాను.

2017 జులైలో జీఎస్టీ మొదలైనప్పుడు మీలో చాలామందికి రిజిస్ట్రేషన్ చేయించింది ఆవిడే. పోర్టల్ రాత్రి పదకొండింటికి గానీ తెరుచుకోని ఆ రోజుల్లో ఆఫీసులోనే కూర్చుని రిటర్నులు వేశారు. అలాంటి మనిషి వెళ్తుంటే నాకే చెయ్యి విరిగినట్టుంది. మీకు టెన్షన్ రాదని ఎలా అనుకుంటాను?

డిసెంబర్ 1 నుంచి మీ ఖాతాలు నాగేంద్ర చూస్తాడు. బయటి నుంచి తెచ్చిన మనిషి కాదు. ఆరేళ్లుగా మన ఆఫీసులోనే ఉన్నాడు. ప్రతి నెలా 14న జీఎస్టీఆర్-2బీ రాగానే మీ కొనుగోలు బిల్లులతో ఒక్కొక్కటిగా సరిచూసేది అతనే. మీ పేర్లు, మీ సప్లయర్ల పేర్లు, ఎవరు బిల్లు అప్‌లోడ్ చేయడంలో ఆలస్యం చేస్తారో అన్నీ అతనికి తెలుసు. మిమ్మల్ని చూడలేదు, అంతే. కాస్త తక్కువ మాట్లాడతాడు. తెలియని విషయం అడిగితే "కనుక్కుని సాయంత్రం చెప్తానండీ" అంటాడు, సాయంత్రం తప్పకుండా చెప్తాడు. ఈ పని అతనికి అప్పగించడానికి ముఖ్య కారణం అదే.

ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానో కూడా చెప్పాలి. 2019లో మన దగ్గర ఒకరు ఉన్నట్టుండి మానేశారు. పని అప్పగింత సరిగా జరగలేదు. ఒక పార్టీ రిటర్ను 22 రోజులు ఆలస్యమైంది. రోజుకు 50 రూపాయల చొప్పున 1,100 రూపాయల లేట్ ఫీజు, దానితో పాటు పన్ను మీద వడ్డీ మేమే కట్టాం. డబ్బు పెద్ద విషయం కాదు. ఆయన దగ్గర సరుకు కొన్నవాళ్లకు ఆ నెల క్రెడిట్ కనపడక ఫోన్ల మీద ఫోన్లు చేశారు. ఆయన ఆఫీసుకు వచ్చి, "మీ దగ్గర నా సంగతి తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరా?" అని అడిగారు. ఆ మాట నేను ఇంకా మర్చిపోలేదు.

అందుకే ఈసారి రమాదేవి గారు రెండు నెలల ముందే నాకు చెప్పారు. అప్పటి నుంచి ఒక్కో ఖాతాకూ ఒక నోట్‌బుక్ రాస్తున్నారు. ఎవరికి ఏ నోటీసు పెండింగ్‌లో ఉంది, దానికి ఏం జవాబిచ్చాం, ఏ బిల్లు గురించి ఏ సప్లయర్‌తో గొడవ నడుస్తోంది అన్నీ అందులో ఉన్నాయి. మిర్చి యార్డులో వేలం నడిచేటప్పుడు ఎవరికి ఫోన్ చేయకూడదు, ఎవరికి మెసేజ్ కాదు మాటే కావాలి, ఎవరింట్లో లెక్కలు అబ్బాయి చూస్తాడు, ఎవరింట్లో అమ్మగారు చూస్తారు అనేవి కూడా రాశారు. మీరు నాగేంద్రకు మీ కథ మొదటి నుంచి చెప్పుకోవాల్సిన అవసరం రాకూడదని మా ప్రయత్నం.

ఈ నెల రిటర్నులు ఇద్దరూ కలిసే వేస్తారు. 11న జీఎస్టీఆర్-1, 20న జీఎస్టీఆర్-3బీ. ఈసారి 3బీ మామూలుది కాదు. 2024-25లో తీసుకోవడం మర్చిపోయిన ఇన్‌పుట్ క్రెడిట్ ఏదైనా ఉంటే దానికి చివరి గడువు ఈ నవంబర్ 30. అంటే మన లెక్కకు 20న వేసే రిటర్నే ఆఖరి అవకాశం. నిరుడు కోల్డ్ స్టోరేజీ అద్దె, లారీ రిపేరు, గోనె సంచులు, ప్యాకింగ్ వంటి వాటికి జీఎస్టీతో కట్టిన బిల్లులు ఇంట్లోనో గల్లాపెట్టె అడుగునో మిగిలిపోయి ఉంటే 12లోపు పంపండి. క్రెడిట్ వచ్చేవేవో, రానివేవో రమాదేవి గారే చూసి చెప్తారు. ఆవిడ చేతుల మీదుగా ఇది పూర్తి కావాలని నా కోరిక.

నాగేంద్ర ఒక్కడే వేసే మొదటి రిటర్ను డిసెంబర్ 11ది. పంపే ముందు నేను చూస్తాను. మార్చి వరకు ప్రతి ఖాతా 3బీ నా కళ్ల ముందు నుంచే వెళ్తుంది. డిసెంబర్ 31 గడువున్న వార్షిక రిటర్ను జీఎస్టీఆర్-9 వర్తించేవాళ్ల లెక్కలు రమాదేవి గారు ఇప్పటికే చాలావరకు పూర్తి చేశారు. యార్డుకు కొత్త మిర్చి వచ్చి మీకు ఊపిరాడని రోజులు మొదలయ్యేసరికి నాగేంద్ర కుదురుకుని ఉంటాడు.

మీ వైపు నుంచి ఒక్క పని ఉంది, దయచేసి వాయిదా వేయొద్దు. 2017లో హడావిడిగా రిజిస్ట్రేషన్ చేసినప్పుడు 11 మంది ఖాతాల్లో రమాదేవి గారి సొంత మొబైల్ నంబరు ఇచ్చాం. పోర్టల్ ఓటీపీలు ఇప్పటికీ ఆవిడ ఫోన్‌కే వెళ్తున్నాయి. అది అప్పట్లోనే చేయకూడని పని, తప్పు మాదే. ఆ నంబరు తీసేసి మీ సొంత నంబరు పెడతాం. మా ఆఫీసు నంబరు కూడా పెట్టం. మీ వ్యాపారం ఓటీపీ మీ చేతిలోనే ఉండాలి. దీనికి అధికారి ఆమోదం కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. మీ ఫోన్‌కు వచ్చే ఓటీపీ కొడితే అయిపోతుంది. ఆ 11 మందికి ఈ వారంలోనే నేను ఫోన్ చేస్తాను.

ఈ-వే బిల్లు పోర్టల్‌లో ఆవిడ వాడిన సబ్ యూజర్ ఐడీలను 29 సాయంత్రం ఆపేస్తాం. నాగేంద్ర పేరుతో కొత్తవి అంతకు ముందే తయారుగా ఉంటాయి కాబట్టి మీ లారీ ఎక్కడా ఆగదు. మా బీరువాలో ఉన్న మీ డిజిటల్ సంతకం టోకెన్లను ఇద్దరూ వచ్చినప్పుడు మీకు చూపిస్తారు. మీ దగ్గరే ఉంచుకుంటానంటే సంతకం పెట్టి తీసుకోండి.

ఇద్దరూ కలిసి మీ దగ్గరికి వస్తున్నారు. యార్డు దగ్గరి షాపులకు 12, 13, 14 తేదీల్లో వేలం అయిపోయాక, మూడు దాటిన తర్వాత. నరసరావుపేట, చిలకలూరిపేటలకు 15న, శనివారం. ఆ రోజు కుదరకపోతే చెప్పండి, మీకు వీలైన రోజే వస్తారు.

ఫీజు మారదు. మీరు డబ్బు వేసే బ్యాంకు ఖాతా మారదు. రమాదేవి గారు ఎత్తే ఆఫీసు మొబైల్ నంబరూ అదే, ఇకపై నాగేంద్ర ఎత్తుతాడు. "మేనేజర్ మారారు, ఇకపై ఈ కొత్త ఖాతాలో వేయండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే నమ్మవద్దు, వెంటనే నాకు చెప్పండి.

నాగేంద్రతో మీకు కుదరకపోతే మొహమాటపడి ఊరుకోవద్దు. నా నంబరు మీ అందరి దగ్గరా ఉంది.

29న సాయంత్రం ఐదింటికి ఆఫీసులో రమాదేవి గారికి చిన్న వీడ్కోలు పెట్టుకున్నాం. వీలైతే రండి. మీలో చాలామంది ఆవిడను ఫోన్‌లోనే ఎక్కువగా ఎరుగుదురు. ఆ రోజు ఎదురుగా కనపడితే ఆవిడ ఎంతో సంతోషిస్తారు.

ఇట్లు,
మీ
వెంకటేశ్వర్లు