బిడ్డ కదలికలు తగ్గాయి, ఇప్పుడే రావాలా మేడమ్ గారూ?

మేడమ్ గారూ, నమస్కారం. నేను గౌరిని. కాశీనగర్ దాటి లోపలి ఊరి నుంచి మీ దగ్గరకు వస్తుంటాను. పోయిన బుధవారం ఒడియాలో ఉన్న కార్డు చదవడం రాక మీ చేత చదివించుకున్నదాన్ని అంటే గుర్తుకు వస్తానేమో.

ముందు అసలు మాట చెబుతాను. ఈ రోజు పొద్దుటి నుంచి కడుపులో బిడ్డ కదలికలు బాగా తగ్గాయి. ఇప్పుడు రాత్రి 10.25. ఇప్పుడే బయలుదేరి రావాలా, తెల్లవారే దాకా ఆగవచ్చా? మీ నంబరుకు రెండుసార్లు చేశాను. ఆసుపత్రి ఫోను ఎత్తిన అబ్బాయి మీరు ఆపరేషన్‌లో ఉన్నారని, వివరంగా రాసి పెట్టమని చెప్పాడు. అందుకే రాస్తున్నాను. ఇంట్లో సిగ్నల్ అందదు, డాబా మెట్ల మీద కూర్చున్నాను.

ఈ రోజుకు నాకు 35 వారాల 2 రోజులు. ఇది రెండో కాన్పు. పెద్దవాడికి నాలుగేళ్లు, మామూలు కాన్పే. 32 వారాల స్కానింగ్‌లో బిడ్డ తల కిందకు ఉందని, ఉమ్మనీరు సరిపడా ఉందని, మాయ వెనుక వైపు ఉందని రాశారు. మాయ వెనుక ఉంటే కదలికలు బాగానే తెలుస్తాయని మీరే అన్నారు. పోయిన బుధవారం బీపీ 130/84 ఉంది. కొంచెం చూసుకోవాలని చెప్పి ఉప్పు తగ్గించమన్నారు. రక్తం 9.8. ఐరన్, కాల్షియం మాత్రలు తప్ప వేరే మందులు వాడటం లేదు. షుగర్ లేదు.

నిన్న రాత్రి దాకా అంతా ఎప్పటిలాగే ఉంది. ఈ బిడ్డకు ఒక అలవాటు ఉంది మేడమ్. నేను అన్నం తిని పక్క మీద వాలగానే మొదలుపెడుతుంది. కుడి డొక్కలో కాలితో తోస్తుంది, తర్వాత పొట్ట అంతా ఒక అల లేచినట్టు తిరుగుతుంది. అరగంటలో పది దాటిపోయేవి. లెక్క పెట్టే ఓపిక లేక నేనే నిద్రపోయేదాన్ని. ఈ రోజు పొద్దున టీ తాగాక ఏమీ లేదు. పనిలో పడి గమనించలేదేమో అనుకున్నాను. పదకొండు గంటలకు తలంటుకున్నాను, అప్పుడూ లేదు. అప్పటి నుంచి మనసు మనసులో లేదు.

మధ్యాహ్నం మీరు చెప్పినట్టు ఎడమ పక్కకు తిరిగి పడుకుని, ఒంటి గంట నుంచి మూడు దాకా లెక్క పెట్టాను. ఆరు వచ్చాయి. ఆరింటిలో నాలుగు మెత్తగా, చేప తోక ఆడించినట్టు ఉన్నాయి. సాయంత్రానికి సర్దుకుంటుందిలే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. అక్కడ తప్పు చేశానేమో. అప్పుడే మీకు ఫోను చేయవలసింది. రాత్రి ఎనిమిదిన్నరకు అన్నం తిన్నాను. బెల్లం నీళ్లు కూడా తాగాను. మళ్లీ ఎడమ పక్కకు పడుకుని, ఫోను పక్కన పెట్టి, ఎనిమిది నలభై నుంచి పది నలభై దాకా చూద్దామనుకున్నాను. పదిన్నర కూడా కాకుండానే లేచి కూర్చున్నాను, ఎందుకంటే అప్పటికి వచ్చినవి మూడే. మధ్యలో ఒకసారి వెక్కిళ్లలాగా టక్కు టక్కుమని వచ్చింది, దాన్ని కలపలేదు. వెక్కిళ్లు లెక్కలోకి రావని మీ దగ్గర విన్నాను.

నీళ్లు పోవడం లేదు. రక్తం లేదు. జ్వరం లేదు. తలనొప్పి లేదు, కళ్ల ముందు మెరుపులు కనబడటం లేదు, పై కడుపులో నొప్పి లేదు. పాదాలు కొంచెం వాచాయి, అది మూడు రోజుల నుంచి ఉంది. పొట్ట అప్పుడప్పుడు బిగిసి వదులుతోంది, ఇందాకటి నుంచి నాలుగుసార్లు అయింది. నొప్పి కాదు, బిగువు మాత్రమే. కింద పడలేదు, దెబ్బ తగల్లేదు.

ఇంట్లో పరిస్థితి కూడా చెప్పాలి. మా అత్తయ్య మంచిది, నా మీద ప్రేమ ఉంది. కానీ నెలలు నిండే కొద్దీ బిడ్డకు చోటు చాలక కదలికలు తగ్గుతాయి, నలుగురు పిల్లలను కన్నాను నాకు తెలియదా అంటోంది. రాత్రిపూట ఏటి గట్టు మీద ఆటోలో కుదిపి తీసుకువెళ్తే అది మరీ ప్రమాదం అంటోంది. మీరు మాత్రం కదిలే తీరు మారుతుంది కానీ కదలికలు తగ్గకూడదని చెప్పారు. రెండు గంటలు పడుకుని చూసినా పది రాకపోతే మరునాటి దాకా ఆగవద్దు అని కూడా చెప్పారు. ఆ మాట నా తలలోనే తిరుగుతోంది. అయినా పెద్దావిడ ముందు నిలబడి వాదించడం నాకు చేతకావడం లేదు. మీరు ఒక్క ముక్క రాస్తే చాలు, దాన్ని చదివి వినిపిస్తాను.

ఆయన సూరత్‌లో ఉన్నారు, ఫోనులో అయిదు నిమిషాలకు ఒకసారి అడుగుతున్నారు. మా మరిదికి సొంత ఆటో ఉంది, మెలకువగానే ఉన్నాడు. పర్లాకిమిడికి గంటలో రాగలం. 102కు కూడా చేశాం. బండి వేరే ఊరికి వెళ్లిందని, రావడానికి సమయం పడుతుందని చెప్పారు. ఆశా దీదీ తోడు వస్తానని చీర మార్చుకుంటోంది. పెద్దవాడు నిద్రపోతున్నాడు, అత్తయ్య దగ్గర ఉంచుతాను.

మిమ్మల్ని మూడు విషయాలు అడగాలి. మీ దగ్గరే రావాలా, లేక దారిలో కాశీనగర్ ఆసుపత్రిలో ముందు గుండె చప్పుడు చూపించుకోవాలా? అక్కడ చప్పుడు వినిపించింది, ఇంటికి వెళ్లండి అంటే వెళ్లిపోవచ్చా? నాకు మాత్రం మీ దగ్గర ఆ పట్టీ కట్టి కాగితం మీద గీతలు వచ్చే పరీక్ష చేయించుకుంటేనే ధైర్యం వస్తుంది. మీ దగ్గర పని కాకపోతే శ్రీకాకుళం తీసుకువెళ్లాలా, బరంపురమా, అది ఇప్పుడే చెబితే మరిదికి డీజిల్ సంగతి తెలుస్తుంది. ఇంకొకటి, ఆపరేషన్ అవసరమైతే అని అడుగుతున్నాను, ఎనిమిదిన్నరకు అన్నం తిన్నాను, బెల్లం నీళ్లు కూడా అప్పుడే తాగాను. ఇక మీదట నీళ్లు కూడా తాగకూడదా?

ఇది రాస్తుండగా 10.52కు ఒకసారి గట్టిగా తన్నింది. చేయి పెట్టి చూశాను, నిజమే. కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్తయ్య చూశావా, ఏం కాలేదు అంది. నాకు సంతోషమే, కానీ ఒక్క తన్నుతో రోజంతా తగ్గింది సర్దుకున్నట్టు కాదు కదా మేడమ్? పది నిమిషాలు చూశాను, మళ్లీ ఏమీ లేదు.

11.05 అయింది. మీ జవాబు కోసం ఆగాలా అని ఆయనను అడిగితే ఆగవద్దు, బండి ఎక్కు అన్నారు. ఇంకో అయిదు నిమిషాల్లో బయలుదేరుతున్నాం. కార్డు, స్కానింగ్ కాగితాలు, రక్తం గ్రూపు చీటీ సంచిలో పెట్టాను. అత్తయ్యే చివరికి తలుపు దాకా వచ్చి దుప్పటి తెచ్చి ఇచ్చింది. వద్దు అనాలని మీరు అనుకుంటే ఫోను చేయండి, దారిలో కూడా ఎత్తుతాను. లేకపోతే గేటు తీసి ఉంచమని మీ వాళ్లకు చెప్పండి.